పాత డీవీ టేపును 1080కి పెంచేటప్పుడు నాణ్యత ఎక్కడ పోతుంది: ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఫిల్టర్లు, ఎన్‌కోడింగ్ అమరికలు

వీడియో కొలతను పెంచే పని మొదలుపెట్టిన వారు ముందుగా అడిగే ప్రశ్న, లాంజోస్ మంచిదా, బైక్యూబిక్ మంచిదా, స్ప్లైన్ మంచిదా అన్నది. ఆ ప్రశ్నకు జవాబు ఉంది కానీ, అది పనిలో చివరి అంకానికి దగ్గరగా వచ్చే జవాబు. అప్పటికే ఇంటర్లేసింగ్‌ను పట్టించుకోకుండా లైన్లను కలిపేసి ఉంటే, రంగుల మాట్రిక్స్‌ను మార్చకుండా వదిలేసి ఉంటే, ఏ స్కేలింగ్ ఫిల్టరూ ఆ నష్టాన్ని పూడ్చలేదు. స్కేలింగ్ మూలంలో లేని వివరాన్ని సృష్టించదు కనుక, 'నాణ్యత పోకుండా' అన్న మాటకు ఇక్కడ రెండే అర్థాలున్నాయి: మూలంలో ఉన్న సమాచారం ఫలితం దాకా చేరాలి, మూలంలో లేని దోషాలు దారిలో వచ్చి చేరకూడదు.

ఈ వ్యాసం ఒకే ఉదాహరణను ఆధారంగా తీసుకుంటుంది. అది ప్యాల్ పద్ధతిలో క్యామ్‌కార్డర్‌పై తీసిన డీవీ ఫైలు: 720x576 పిక్సెళ్ళు, సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు, 4:3 నిష్పత్తి. దాన్ని 1080 లైన్ల ప్రోగ్రెసివ్ వీడియోగా మార్చాలి. ఇంతకన్నా సులువైన పని, అంటే 720పీ ప్రోగ్రెసివ్ వీడియోను పెంచడం వంటిది, ఇందులో కొన్ని మెట్లు వదిలేస్తే వచ్చేస్తుంది.

అసలు పెంచడం అవసరమా అన్నది కూడా ముందే తేల్చుకోవడం మంచిది. కేవలం తెరపై చూడటానికే అయితే అక్కర్లేదు. ప్లేయర్ చూపించే క్షణంలో ఎలాగూ తెర కొలతకు పెంచుతుంది, మళ్ళీ ఎన్‌కోడ్ చేసిన నష్టం ఉండదు. హెచ్‌డీ దృశ్యాలతో కలిపి ఎడిట్ చేయాల్సినప్పుడు, పెద్ద కొలత వీడియోలకే తగినంత బిట్‌రేటు కేటాయించే చోటికి అప్‌లోడ్ చేయాల్సినప్పుడు మాత్రమే ఈ శ్రమకు ఫలితం ఉంటుంది.

ఇంటర్లేస్డ్ ఫ్రేము నిజానికి ఒక చిత్రం కాదు. సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసిన రెండు సగం చిత్రాలు, ఒక్కొక్కటి 288 లైన్లతో, ఒకదాని సందుల్లో మరొకటి కూర్చుని ఉంటాయి. కదిలే వస్తువు అంచు దువ్వెన పళ్ళలా కనిపించడానికి కారణం ఇదే. ఈ స్థితిలో ఫ్రేమును 576 లైన్ల నుంచి 1080 లైన్లకు పెంచితే, కొత్తగా ఏర్పడే ప్రతి లైనూ పక్కపక్కనున్న పాత లైన్ల సగటుతో, అంటే రెండు వేర్వేరు క్షణాలకు చెందిన విలువల మిశ్రమంతో తయారవుతుంది. పైగా నిలువు పెంపు 1.875 రెట్లు, పూర్ణాంకం కాదు కనుక ఆ పళ్ళు ఒకచోట మందంగా, మరోచోట పలచగా మారి, కదలిక ఉన్న చోటల్లా అలల వంటి అడ్డపట్టీలు ఏర్పడతాయి. ఆ తరువాత డీఇంటర్లేస్ ఫిల్టరును ఎంత మంచిదాన్ని వాడినా ప్రయోజనం లేదు. ఏ లైను ఏ ఫీల్డుకు చెందిందో చెప్పే ఆధారం అప్పటికే చెరిగిపోయింది. ఈ మొత్తం పనిలో వెనక్కి తీసుకోలేని పొరపాటు ఇదొక్కటే అనవచ్చు.

కనుక మొదటి పని, మూలం నిజంగా ఇంటర్లేస్డేనా అని తెలుసుకోవడం. ఫైలు మీద ఉన్న లేబుల్‌ను నమ్మకూడదు. సినిమా నుంచి ప్యాల్‌కు మార్చిన దృశ్యాల్లో తరచు రెండు ఫీల్డులూ ఒకే క్షణానివై ఉండి, లేబుల్ మాత్రం ఇంటర్లేస్డ్ అని చెబుతుంది. `idet` ఫిల్టరు ఫ్రేములను పరిశీలించి, ఎన్ని పై ఫీల్డు ముందు వచ్చేవి, ఎన్ని కింది ఫీల్డు ముందు వచ్చేవి, ఎన్ని ప్రోగ్రెసివ్ అన్నది చివర్లో లెక్క చెబుతుంది.

```
ffmpeg -ss 60 -i tape.dv -vf idet -frames:v 1000 -an -f null -
```

కదలిక ఉన్న భాగంపైనే దీన్ని నడపాలి. నిశ్చల దృశ్యంలో రెండు ఫీల్డులకూ తేడా ఉండదు కనుక ఫలితానికి అర్థం ఉండదు. దాదాపు అన్నీ ప్రోగ్రెసివ్ అని వస్తే డీఇంటర్లేస్ చేయకూడదు, చేస్తే ఉన్న వివరమే పోతుంది. డీవీ క్యామ్‌కార్డర్ ఫైలులో సాధారణంగా `BFF` లెక్క ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది.

డీఇంటర్లేస్‌కు `bwdif` మంచి ఎంపిక. `send_field` పద్ధతిలో అది ప్రతి ఫీల్డునూ ఒక పూర్తి ఫ్రేముగా మారుస్తుంది కనుక, 25 ఫ్రేముల వీడియో 50 ఫ్రేముల వీడియో అవుతుంది, క్యామ్‌కార్డర్ పట్టుకున్న కదలిక మొత్తం నిలుస్తుంది. `bwdif`కు ఈ పద్ధతే సహజంగా ఉంటుంది కానీ, `yadif`కు సహజమైనది `send_frame`, అంటే కదలికలో సగాన్ని వదిలేసేది. పాత ఆదేశాలను కాపీ చేసుకునేటప్పుడు ఈ తేడా కంటబడదు. ఫీల్డుల వరుస తప్పుగా ఇస్తే ఎలా తెలుస్తుందంటే, నడిచే మనిషి ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కు వేస్తున్నట్టు చిత్రం వణుకుతుంది. ఆ వణుకు ఫ్రేమును ఆపి చూస్తే దొరకదు, వీడియో నడిపి చూడాలి.

తరువాతి సంగతి ఆకారం. 720x576 అంటే 5:4 నిష్పత్తి, కానీ చిత్రం 4:3గా కనిపించాలి. డీవీ పిక్సెళ్ళు చదరపువి కాకపోవడమే దీనికి కారణం. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఈ ఫైలుకు `SAR 16:15` అని చూపిస్తుంది. 1080 ఎత్తుకు 4:3 ప్రకారం వెడల్పు 1440. కాబట్టి స్కేల్ ఫిల్టరుకు `1440:1080` ఇచ్చి, వెంటనే `setsar=1` చేర్చాలి. 1920 వెడల్పే కావాలంటే ఆ పైన `pad=1920:1080:240:0`తో ఇరువైపులా నలుపు చేర్చడమే తప్ప, 4:3 చిత్రాన్ని 1920కి సాగదీయడం ఏ లెక్కలోనూ సమర్థనీయం కాదు.

ఇప్పుడు స్కేలింగ్ ఫిల్టరు. ఈ ఫిల్టర్ల మధ్య తేడాను 'పదునైనది', 'మెత్తనిది' అనే విశేషణాలతో కాక అంకెలతో చూస్తే ఎంపిక సులువవుతుంది. ఒకే లైనులో మూడు పిక్సెళ్ళు 50 విలువతో, ఆ తరువాతి మూడు 200 విలువతో ఉన్నాయనుకుందాం. అంటే చీకటి గోడకు ఆనుకుని వెలుగున్న కిటికీ. అంచుకు చీకటి వైపున్న చివరి రెండు పిక్సెళ్ళకూ సరిగ్గా మధ్యలో కొత్త పిక్సెల్ పుట్టాలి. రెండువైపులా 50 ఉంది కనుక అక్కడ 50 రావాలని ఎవరైనా అనుకుంటారు. బైలీనియర్ అలాగే 50 ఇస్తుంది, ఎందుకంటే అది పక్కనున్న రెంటినే చూస్తుంది. `scale` ఫిల్టరుకు సహజంగా ఉండే బైక్యూబిక్ నాలుగు పిక్సెళ్ళను చూస్తుంది, దూరపు వాటికి ఋణ బరువు వేస్తుంది. ఫలితం సుమారు 38.8. ఆరు పిక్సెళ్ళను చూసే లాంజోస్ అదే చోట సుమారు 33.3 ఇస్తుంది, ఆ పక్క మధ్య బిందువులో 53.7కు లేస్తుంది. గోడ మీద కిటికీ వెంట ఒక నల్లని గీత, దాని పక్కన అతి పలుచని తెల్లని గీత ఏర్పడ్డాయన్నమాట. రింగింగ్ అనేది ఇదే.

ఈ నల్లగీత పూర్తిగా దోషమేమీ కాదు. కన్ను దాన్ని పదునుగా చదువుకుంటుంది, అందుకే శుభ్రమైన మూలంపై లాంజోస్ ఫలితం బైలీనియర్ కన్నా స్పష్టంగా మెరుగ్గా కనిపిస్తుంది. చిక్కల్లా మూలంలోనే ఈ గీతలు ఉన్నప్పుడు వస్తుంది. పాత క్యామ్‌కార్డర్లు చాలావరకు చిత్రాన్ని రికార్డు చేసే ముందే అంచులకు కృత్రిమంగా పదును పెట్టేవి; అలా ఏర్పడిన అంచు గీత, అంటే హేలో, ఇప్పటికే టేపులో ఉంది. దానిపై లాంజోస్ వాడితే హేలో రెండింతల వెడల్పు అవడమే కాక, దాని అంచుకు కొత్త హేలో పుడుతుంది. అలాంటి మూలానికి మిచెల్ రకం బైక్యూబిక్ తగినది. మిచెల్, నెట్రవాలీ 1988లో ప్రతిపాదించిన విలువలు రెండూ మూడో వంతు. వాటితో పై ఉదాహరణలో ఫలితం 44.8 వస్తుంది, అంటే రింగింగ్ లాంజోస్‌లో మూడో వంతుకు దిగుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దాన్ని ఇలా రాయాలి:

```
scale=1440:1080:flags=bicubic:param0=0.3333:param1=0.3333
```

అందుచేత నిర్ణయం మూలాన్ని చూసి చేయాలి తప్ప ఫిల్టరు పేరును బట్టి కాదు. ఆకాశానికి ఎదురుగా ఉన్న స్తంభమో, చీకటి మీద తెల్ల అక్షరాలో ఉన్న ఫ్రేమును మూలం నుంచే తీసి, మూడింతలు పెద్దది చేసి చూడాలి. పెద్దది చేయడానికి `flags=neighbor` వాడాలి, లేకపోతే చూసే పద్ధతే ఫలితాన్ని మార్చేస్తుంది. అంచు పక్కన అప్పటికే గీత ఉంటే మిచెల్, లేకపోతే లాంజోస్. ఈ రెంటితో పోలిస్తే స్ప్లైన్ రకాలు తెచ్చే తేడా స్వల్పం, దాని గురించి ఎక్కువ కాలం వెచ్చించడం దండగ.

ఎంచుకున్న ఫిల్టరు నిజంగా పనిచేస్తోందా అన్నది వేరే సంగతి. `-s 1440x1080` అని రాస్తే కొలత మారుతుంది కానీ, ఆ స్కేలరు ఫిల్టర్ల వరుసకు చివర్లో వచ్చి చేరుతుంది, సహజమైన బైక్యూబిక్‌తోనే నడుస్తుంది. `zscale` మెరుగైనదని విని దానికి మారినవారు ఫిల్టరు పేరు ఇవ్వడం మరిచిపోతే, దానికి సహజంగా ఉండేది బైలీనియర్ కనుక, మార్పు తిరోగమనమే అవుతుంది.

రంగుల విషయంలో జరిగే నష్టం మరీ మౌనంగా జరుగుతుంది. వీడియోలో నిల్వ ఉండేది ఎరుపు, పచ్చ, నీలం విలువలు కాదు; వెలుగు, రెండు రంగు తేడాలు. వాటి మధ్య మార్పిడికి ఎస్‌డీ వీడియో బీటీ 601 గుణకాలను, హెచ్‌డీ వీడియో బీటీ 709 గుణకాలను వాడతాయి. ఉదాహరణకు వెలుగులో పచ్చ వాటా మొదటిదానిలో 0.587, రెండోదానిలో 0.7152. ఫైలులో ఏ మాట్రిక్స్ అన్నది రాసి లేకపోతే చాలా ప్లేయర్లు ఎత్తును బట్టి ఊహిస్తాయి. 576 లైన్లు ఉన్నంతకాలం ఆ ఊహ సరైనదే. 1080కి పెంచగానే అవే అంకెలను 709గా చదవడం మొదలవుతుంది. చర్మం రంగు కాస్త నారింజ వైపు, ఆకుపచ్చలు మరో ఛాయ వైపు జరుగుతాయి. విడిగా చూస్తే అనుమానం రాదు, మూలాన్ని పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. విరుగుడు రెండు భాగాలు: విలువలను నిజంగా మార్చాలి, మార్చినట్టు ఫైలులో రాయాలి. లేబుల్ ఒక్కటే మారిస్తే అది తప్పును ఖాయం చేయడమే. ప్యాల్ ప్రాథమిక వర్ణాలకూ 709 వర్ణాలకూ తేడా పచ్చలో ఇసుమంతే కనుక వాటి విలువలను మార్చాల్సిన అవసరం లేదు. ఎన్‌టీఎస్‌సీ టేపు అయితే తేడా పెద్దది, అక్కడ ఆ మార్పిడి చేయగల `zscale` గానీ `colorspace` ఫిల్టరు గానీ వాడటం సబబు.

నాయిస్ విషయంలో ఎంతో కొంత తెగింపు అవసరం. మూలంలో ఒక పిక్సెల్ పరిమాణంలో ఉన్న చుక్క, పెంచాక రెండు పిక్సెళ్ళ మచ్చ అవుతుంది. అప్పుడది నాయిస్‌లా కాక, గరుకైన వివరంలా కనిపిస్తుంది, ఎన్‌కోడరు కూడా దాన్ని వివరంగానే భావించి బిట్లు ఖర్చు చేస్తుంది. అందుకే తగ్గించాలనుకుంటే పెంచడానికి ముందే, డీఇంటర్లేస్ తరువాత తగ్గించాలి. `hqdn3d` ఫిల్టరు సహజ విలువలు 4:3:6:4.5 మామూలు టేపుకు కాస్త ఎక్కువ, వాటిలో సగం దగ్గర మొదలుపెట్టడం మేలు; ముఖాలపై చర్మం మైనపు బొమ్మలా నున్నబడితే ఇంకా తగ్గించాలి.

ఇక్కడే బిట్ల లోతు ప్రశ్న వస్తుంది. సాయంత్రపు ఆకాశంలో పక్కపక్క విలువలు 100, 101 అయితే, వాటి మధ్య పుట్టే కొత్త పిక్సెల్ 100.5 కావాలి, కానీ 8 బిట్లలో ఆ అంకె లేదు. 10 బిట్లలో 400కూ 404కూ మధ్య 402 ఉంది. మూలంలో నాయిస్ ఉన్నంతవరకు ఈ మెట్లను అది కప్పిపుచ్చుతుంది. నాయిస్ తీసేసి, ఆపైన చిత్రాన్ని పెంచి, 8 బిట్లకు గుండ్రం చేస్తే ఆకాశంలో పట్టీలు తేలతాయి. కనుక ఫిల్టర్ల వరుస మొదట్లోనే 10 బిట్లకు మారడం ఉత్తమం. మొత్తం వరుస ఇలా ఉంటుంది:

```
format=yuv420p10le,
bwdif=mode=send_field:parity=bff,
hqdn3d=2:1.5:3:2.25,
scale=1440:1080:flags=lanczos+accurate_rnd:in_color_matrix=bt601:out_color_matrix=bt709,
setsar=1,
setparams=colorspace=bt709:color_primaries=bt709:color_trc=bt709
```

దీన్ని ఒకే లైనుగా కలిపి `-vf` తరువాత కొటేషన్లలో ఇవ్వాలి. ఫలితాన్ని నేరుగా తుది ఫైలుగా ఎన్‌కోడ్ చేయకుండా, ముందు నష్టం లేని ఎఫ్‌ఎఫ్‌వీ1 రూపంలో దాచుకోవడం తెలివైన పని: `-c:v ffv1 -c:a copy mid.mkv`. ఫైలు చాలా పెద్దదవుతుంది, అయితే ఫిల్టర్ల నాణ్యతనూ ఎన్‌కోడర్ నాణ్యతనూ విడివిడిగా పరీక్షించే వీలు దీనితోనే వస్తుంది. తుది ఫైలులో ఏదో తేడా కనిపించినప్పుడు, అది `mid.mkv`లో కూడా ఉంటే తప్పు ఫిల్టర్లది, లేకపోతే ఎన్‌కోడింగ్‌ది. మొత్తం టేపు అక్కర్లేదు; `-ss`, `-t` వాడి చీకటి, కదలిక, ఆకాశం మూడూ ఉన్న ఇరవై సెకన్ల ముక్క సరిపోతుంది.

ఎన్‌కోడింగ్‌లో ప్రధాన అమరిక `-crf`, అంటే కోరుకున్న నాణ్యత స్థాయిని చెప్పే అంకె. బిట్‌రేటును ముందే నిర్ణయించడం కన్నా ఇది మంచిది, ఎందుకంటే ఇలాంటి వీడియోకు ఎంత బిట్‌రేటు కావాలో ఊహించడం కష్టం. పిక్సెళ్ళు 4,14,720 నుంచి 15,55,200కు, అంటే 3.75 రెట్లు పెరిగాయి, ఫ్రేములూ రెట్టింపయ్యాయి. సమాచారం మాత్రం పెరగలేదు. పెంచిన చిత్రంలో నిజమైన సూక్ష్మ వివరం ఉండదు కనుక ఒక్కో పిక్సెల్‌కు పట్టే బిట్లు తక్కువ. పిక్సెళ్ళ నిష్పత్తిలో బిట్‌రేటు పెంచేవారు దాన్ని వృథా చేస్తారు, పాత బిట్‌రేటే ఉంచేవారు చీకటి భాగాల్లో గళ్ళు చూస్తారు. `libx264`కు సహజమైన 23 ఈ పనికి తక్కువ నాణ్యత. 18 దగ్గర మొదలుపెట్టి చూడాలి. ఆ అంకె 6 తగ్గితే ఫైలు దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూలమైన లెక్క. `-preset slow` అదే నాణ్యత స్థాయికి బిట్లను మరింత పొదుపుగా వాడుతుంది, కాలం మాత్రం ఎక్కువ తీసుకుంటుంది.

8 బిట్లా, 10 బిట్లా అన్నది ఏ పరికరంలో చూస్తారన్న దానిపై ఆధారపడుతుంది. 10 బిట్ల హెచ్264ను చాలా పరికరాల్లోని హార్డ్‌వేర్ డీకోడర్లు చదవలేవు. 10 బిట్ల హెచ్ఈవీసీని చదివేవి చాలా ఎక్కువ. కనుక 10 బిట్లు నిలుపుకోవాలంటే `libx265` వైపు వెళ్ళడమే మార్గం. అయితే దాని సీఆర్ఎఫ్ అంకెలు వేరే కొలబద్ద మీదివి, అక్కడ సహజ విలువ 28. ఎక్కడైనా ఆడాలంటే 8 బిట్ల హెచ్264 తప్పదు. అప్పుడు చివరి మెట్టులో డిథర్ చేయడం, అంటే గుండ్రం చేయడంలో వచ్చే తేడాను పక్క పిక్సెళ్ళకు పంచడం వల్ల ఆకాశపు పట్టీలు చాలావరకు తగ్గుతాయి:

```
ffmpeg -i mid.mkv -vf "zscale=dither=error_diffusion,format=yuv420p" \
  -c:v libx264 -preset slow -crf 18 -aq-mode 3 \
  -c:a aac -b:a 192k out.mkv
```

ఇందులో `-aq-mode 3` చీకటి భాగాలకు బిట్లను కాస్త మొగ్గు చూపి పంచుతుంది. ఇంటి లోపల తక్కువ వెలుతురులో తీసిన టేపులకు ఇది సీఆర్ఎఫ్‌ను తగ్గించడం కన్నా చవకైన ఉపాయం.

ఎన్‌కోడింగ్ నష్టాన్ని కొలవడానికి తుది ఫైలును ఎఫ్‌ఎఫ్‌వీ1 ఫైలుతో పోల్చవచ్చు:

```
ffmpeg -i out.mkv -i mid.mkv -lavfi ssim -f null -
```

ఈ అంకె 18కీ 21కీ మధ్య ఎంత తేడా ఉందో చెబుతుంది, అంతవరకే దాని ఉపయోగం. లాంజోస్, మిచెల్‌లలో ఏది మంచిదో ఇది చెప్పలేదు, ఎందుకంటే పోల్చడానికి 'అసలైన' 1080 చిత్రం లోకంలో లేదు. ఎన్‌కోడర్ల మధ్య కూడా దీన్ని జాగ్రత్తగా వాడాలి: `libx264` కంటికి మేలుగా కనిపించడం కోసం ఆకృతిని నిలిపే సర్దుబాట్లు చేస్తుంది, అవి కొలతలో అంకెను తగ్గిస్తాయి. అంకె తక్కువ వచ్చిన ఫైలే తెరపై మెరుగ్గా ఉండే అవకాశం ఉంది కనుక, రెండు సీఆర్ఎఫ్‌ల మధ్య సందేహం వచ్చినప్పుడు చీకటి దృశ్యంలోని ఒక గోడను, కదులుతున్న ఒక ముఖాన్ని పూర్తి కొలతలో పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా కనిపించడం మానేసిన చోట ఉన్న పెద్ద అంకెనే ఎంచుకోవచ్చు.